పదమూడేళ్ళా, ఆరున్నరేళ్ళా: గుణుపూర్ రైస్ మిల్లు కంప్రెసర్ క్లెయిమ్‌లో తరుగుదల కోతకు ఇచ్చిన జవాబు

ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపూర్ దగ్గర తెలుగువాళ్ళ రైస్ మిల్లు ఒకటుంది. 2024 డిసెంబరులో, ధాన్యం దిగుమతి జోరుగా ఉన్న రోజుల్లో, అక్కడి సార్టెక్స్‌కు గాలి ఇచ్చే 45 కిలోవాట్ల స్క్రూ కంప్రెసర్ ఉదయం స్టార్ట్ చేసిన కాసేపటికే పట్టేసింది. గాలి లేకపోతే సార్టెక్స్ రంగుమారిన గింజను తీసెయ్యలేదు. అది తీయకపోతే బియ్యం నాణ్యత పరీక్షలో నిలబడవు. అందుకని షావుకారుగారు క్లెయిమ్ సంగతి తర్వాత చూసుకుందామని, ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్‌లోనూ మెయిల్‌లోనూ సమాచారం ఇచ్చి, నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి చూసి ఫొటోలు తీసుకున్నాక రిపేరుకు పంపేశారు.

నష్టం ఎందుకు జరిగిందన్న దాని మీద పేచీ లేదు. సర్వీస్ ఇంజనీరు విప్పి చూసి రాసిన రిపోర్టు స్పష్టంగా ఉంది. ఆయిల్ స్టాప్ వాల్వ్ తెరుచుకోలేదు, స్క్రూలు ఆయిల్ లేకుండా తిరిగాయి, ఒకదానికొకటి రాసుకుని బిగుసుకుపోయాయి. దాంతో మోటారు తిరగలేక ఆగిపోయింది. ఓవర్‌లోడ్ రిలే ఆలస్యంగా పడడంతో వైండింగ్ కాలిపోయింది. ఇది అరుగుదల కాదు, ఉన్నట్టుండి జరిగిన నష్టమేనని సర్వేయర్ ఒప్పుకున్నారు. గొడవంతా ఎంత ఇవ్వాలన్న దగ్గరే వచ్చింది.

పన్నులు కాకుండా రిపేరు బిల్లు మొత్తం 4,35,000 రూపాయలు. అందులో కొత్త ఎయిర్ ఎండ్, అంటే స్క్రూలూ బేరింగులూ ఉండే అసలు బ్లాకు, 2,90,000. మోటారు రీవైండింగ్ 54,000, మోటారు బేరింగులు 8,000. సెపరేటర్ ఎలిమెంట్ 15,000, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు కలిపి 9,000, ఆయిల్ 16,000. విప్పి బిగించిన కూలి 28,000, విశాఖపట్నం పంపి తెచ్చిన రవాణా 15,000.

సర్వేయర్ అసెస్‌మెంట్ షీటులో ఒకే ఒక్క వాక్యం ఉంది: యంత్రం 2011 నాటిది, 13 ఏళ్ళ వాడకం, విడిభాగాల మీద 50 శాతం తరుగుదల. కూలీ, రవాణా పోను మిగతా 3,92,000లో సగం, అంటే 1,96,000 ఎగిరిపోయింది. ఆపైన పాత ఎయిర్ ఎండ్‌కు సాల్వేజ్, అంటే పాడైన సామానుకు వచ్చే విలువ కింద 20,000, మిల్లే భరించాల్సిన పాలసీ ఎక్సెస్ 10,000 తీసేసి 2,09,000 తేల్చారు. దానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం చెయ్యమని ఒక కన్సెంట్ లెటర్ కూడా పంపారు. "పోనీలెండి, సగమైనా వస్తోంది కదా, సంతకం పెట్టేద్దామా?" అని షావుకారుగారు నన్ను అడిగింది అప్పుడే. ఆ కాగితం మీద సంతకం పడితే, తర్వాత మనం ఏం రాసినా 'మీరే ఒప్పుకున్నారు కదా' అనే మాట ఎదురవుతుంది. కాబట్టి ముందు దాన్ని పక్కన పెట్టించాను.

మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీలో నష్టాన్ని ఎలా లెక్కగట్టాలో చెప్పే భాగం రెండు ముక్కలుగా ఉంటుంది. యంత్రం బాగుచేయడానికి వీలైతే మొదటి ముక్క వర్తిస్తుంది. యంత్రాన్ని మునుపటిలా పనిచేసే స్థితికి తేవడానికి అయిన ఖర్చు ఇవ్వాలి. మార్చిన భాగాల మీద తరుగుదల కొయ్యకూడదు, పరిమిత ఆయుష్షు ఉన్న భాగాలకు తప్ప. సాల్వేజ్ విలువ మాత్రం తీసెయ్యాలి. యంత్రం పూర్తిగా నాశనమైతే రెండో ముక్క. కొత్తది కొనడానికయ్యే ధరలోంచి తగిన తరుగుదల తీసేసి, నష్టానికి ముందు దాని అసలు విలువ ఎంతో అంత ఇస్తారు. అంటే తరుగుదల అనేది ప్రధానంగా రెండో ముక్కకు చెందిన మాట. రిపేరు క్లెయిమ్‌లో భాగాలన్నిటి మీదా గంపగుత్తగా 50 శాతం కొయ్యడానికి ఈ పాలసీలో ఆధారం లేదు. మోటారు వాహనాల పాలసీలో వయసును బట్టి భాగాల మీద కోత పెట్టే అలవాటే ఇక్కడికీ పాకుతోందని నా అనుమానం.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. క్లాజు కాపీ జతచేసి 'తరుగుదల చెల్లదు' అని రాసేసి గెలిచామనుకుంటారు. కానీ మొదటి ముక్క చివర ఇంకో వాక్యం ఉంది. రిపేరు ఖర్చు, నష్టానికి ముందున్న యంత్రం అసలు విలువకు సమానమైనా, దాన్ని దాటినా, లెక్క రెండో ముక్క కింద కట్టాలి. సర్వేయర్‌తో ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఆయన నేరుగా ఆ వాక్యం మీదికే వచ్చారు. బరంపురం నుంచి వచ్చే మనిషి, అనుభవం ఉన్నవారు. "సరే, మీరన్నట్టు భాగాల మీద కోత తీసేస్తాను. అప్పుడు రిపేరు ఖర్చు యంత్రం విలువను దాటిపోతుంది. టోటల్ లాస్ కింద కట్టాల్సి వస్తుంది, చూసుకోండి" అన్నారు.

2011 అన్న మాట నిజమైతే ఆయన లెక్క తప్పు కాదు. అదే కెపాసిటీ కొత్త కంప్రెసర్ రవాణా, బిగింపుతో కలిపి 9,80,000 అని కొటేషన్ ఉంది. ఏడాదికి 5 శాతం చొప్పున 13 ఏళ్ళకు 65 శాతం పోతే మిగిలేది 3,43,000. రిపేరు ఖర్చు 4,35,000 దానికంటే ఎక్కువ. టోటల్ లాస్ అయితే మొత్తం యంత్రాన్నే సాల్వేజ్‌గా లెక్కిస్తారు. పైన ఉండే కవరు అంటే క్యానపీ, కూలర్, ట్యాంకు, కంట్రోలర్ అన్నీ కలిపి ఆయన వేసుకున్నది 1,10,000. అది, ఎక్సెస్ 10,000 తీసేస్తే చేతికొచ్చేది 2,23,000. మొదట తేల్చినదానికి 14,000 ఎక్కువ, అంతే. క్లాజు మనవైపు ఉన్నా డబ్బు రాదు.

ఈ కేసులో వయసుకు ఉన్న విలువ ఇదే. రిపేరు క్లెయిమ్‌లో యంత్రం వయసు భాగాల మీద కోత పెట్టడానికి పనికిరాదు. కానీ లెక్క ఏ ముక్క కింద కట్టాలో తేల్చేది అదే. ఆయన వాడిన 5 శాతం రేటుతోనే చూసినా, ఈ యంత్రం సుమారు 11 ఏళ్ళు దాటితేనే టోటల్ లాస్ గీత దాటుతుంది. అంతకంటే చిన్నదని చూపించగలిగితే మొదటి ముక్కే నిలబడుతుంది.

మరి ఆయనకు 2011 ఎక్కడ దొరికింది? మిల్లు బ్యాలెన్స్ షీటులో. ఫిక్స్‌డ్ అసెట్స్ షెడ్యూల్‌లో 'ప్లాంట్ అండ్ మెషినరీ, 2011' అని మొత్తం మిల్లుకు కలిపి ఒకే లైను. ఆదాయపు పన్ను లెక్కలో యంత్రాలన్నీ ఒకే బ్లాకు కింద ఏటా తగ్గుతున్న విలువ మీద 15 శాతం తరుగుదలతో నడుస్తాయి కాబట్టి, ఏ యంత్రం ఎప్పుడు వచ్చిందో అకౌంట్లలో విడిగా కనిపించదు. పైగా ఈ కంప్రెసర్ పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకున్నది. 2011లో పెట్టిన మొదటి కంప్రెసర్‌ను 2018 జూన్‌లో డీలరుకు తిరిగిచ్చి, తేడా సొమ్ము కట్టి దీన్ని తెచ్చారు. పుస్తకాల్లో ఆ తేడా మాత్రమే కొత్త చేర్పుగా పడింది. అది చిన్న మొత్తం కావడంతో చూసేవాళ్ళకు రిపేరు ఖర్చులా అనిపిస్తుంది.

అందువల్ల కొనుగోలు ఇన్‌వాయిస్ ఒక్కటే జతచేస్తే సరిపోదనిపించింది. ఇన్‌వాయిస్ అంటే ఏదో ఒక కంప్రెసర్ కొన్నట్టు రుజువు, అంతే. కాలిపోయినది అదే కంప్రెసర్ అని చూపించేది సీరియల్ నంబరు. ఈ యంత్రం మీద ముఖ్యంగా చూడాల్సిన ప్లేట్లు మూడు. క్యానపీ మీద మెయిన్ ప్లేటు, లోపల ఎయిర్ ఎండ్ మీద దాని సొంత ప్లేటు, ఆయిల్ సెపరేటర్ ట్యాంకు మీద ప్రెషర్ వెసల్ ప్లేటు. మిల్లుల్లో క్యానపీ ప్లేటు ఊకదుమ్ము, ఆయిల్ కలిసి పట్టేసి కనిపించదు. ఇక్కడా అంతే. సర్వేయర్ మొదటి ఫొటోలో ఆ చోట నల్లటి మచ్చ మాత్రమే ఉంది. కిరోసిన్ గుడ్డతో తుడిస్తే సీరియల్ నంబరు వచ్చింది కానీ తయారైన ఏడాది గీతల్లో పోయింది. ట్యాంకు ప్లేటు మాత్రం చెక్కుచెదరలేదు. పని ఒత్తిడి, టెస్టు ఒత్తిడి, 2018 అన్న అంకెలు గుద్దినట్టు కనిపించాయి. ట్యాంకు రిపేరుకు పోలేదు కాబట్టి అది మిల్లులోనే ఉంది. సర్వేయర్ మళ్ళీ వచ్చి తన కళ్ళతో చూడొచ్చు. అందుకే ఉత్తరంలో దానికే పెద్దపీట వేశాను. ఫొటో తీసేటప్పుడు ఒక షాటులో ప్లేటు దగ్గరగా, ఇంకో షాటులో అదే ప్లేటు యంత్రం మీద ఉన్నట్టు కనిపించాలి. దగ్గరి ఫొటో ఒక్కటే ఇస్తే ఏ యంత్రానిదో ఎవరు చెప్పగలరు?

కాగితాల్లో మొదటిది 2018 జూన్ ట్యాక్స్ ఇన్‌వాయిస్. క్యానపీ మీద ఉన్న సీరియల్ నంబరే అందులో ఉంది, బై బ్యాక్ కింద తగ్గించిన సొమ్ము విడి లైనులో ఉంది. దానితో పాటు ఈ వే బిల్లు ప్రింటు. రాష్ట్రం దాటే సరుకుకు 2018 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి అయింది. ఆంధ్ర నుంచి ఒడిశాకు వచ్చిన యంత్రం కాబట్టి షావుకారుగారి ఫైల్లో అది ఉండాలనుకున్నాను, ఉంది. సరిహద్దు జిల్లాల మిల్లులకు ఇదొక సౌలభ్యం. సరుకు ఏ తేదీన, ఏ లారీలో, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో డీలరు, కొనుగోలుదారు కాని మూడోచోట నమోదై ఉంటుంది. తర్వాత తేడా సొమ్ము వెళ్ళిన బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ ఒక్క పేజీ.

గంటల లెక్క కూడా పెట్టాను. స్క్రూ కంప్రెసర్ కంట్రోలర్ స్క్రీను మీద మొత్తం తిరిగిన గంటలు ఉంటాయి. పట్టేసిన రోజు అది 19,400 చూపించింది. మిల్లు ఆపరేటరు పార్వతీపురం వైపు మనిషి. రోజూ ఆ రీడింగు తన రిజిస్టరులో తెలుగులో రాసుకుంటాడు. సర్వేయర్‌కు తెలుగు రాదు. అసలు పేజీల కాపీల పక్కనే ఇంగ్లీషులో తర్జుమా టైపు చేయించి, ఆపరేటరు చేత, షావుకారుగారి చేత సంతకాలు పెట్టించి పంపాం. సర్వీస్ రిపోర్టుల్లోని గంటలూ ఈ రిజిస్టరులోని గంటలూ తేదీల వారీగా సరిపోయాయి. 2018 నుంచి సగటున ఏడాదికి సుమారు మూడు వేల గంటలు. సీజనులో రెండు షిఫ్టులు తిరిగే మిల్లుకు ఇది నమ్మదగిన అంకె. సర్వీస్ ఏజెన్సీ మొదటి కమిషనింగ్ రిపోర్టులో గంటలు దాదాపు సున్నా దగ్గర ఉండడం అన్నిటికంటే బాగా పనికొచ్చింది, ఎందుకంటే పాత యంత్రాన్ని రంగేసి అమ్మారేమో అన్న ప్రశ్నకు అది జవాబు.

కొత్త కొటేషన్ విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అది రెండువైపులా పదునున్న కత్తి. కొత్త ధర ఎంత ఎక్కువైతే యంత్రం అసలు విలువ అంత పెరుగుతుంది, టోటల్ లాస్ గీత అంత దూరం జరుగుతుంది. కానీ అదే ధర పాలసీలోని సమ్ ఇన్సూర్డ్‌ను, అంటే బీమా చేసిన మొత్తాన్ని దాటితే అండర్ ఇన్సూరెన్స్ కింద ఆ నిష్పత్తిలో మొత్తం క్లెయిమ్ తగ్గుతుంది. ఇక్కడ సమ్ ఇన్సూర్డ్ 10,00,000, కొటేషన్ 9,80,000. ఇబ్బంది లేదు. ఇంకా పెద్ద మోడల్‌కు కొటేషన్ తెప్పిద్దామని షావుకారుగారి అబ్బాయి అన్నాడు. వద్దన్నాను. పాలసీ అడిగేది అదే రకం, అదే కెపాసిటీ.

ఆరున్నరేళ్ళకు 5 శాతం చొప్పున 32.5 శాతం తీస్తే యంత్రం అసలు విలువ 6,61,500. రిపేరు ఖర్చు 4,35,000 దానికి బాగా కింద. రేటు మీద నేను వాదనకు దిగలేదు, ఆయన రేటునే వాడాను. పాలసీలో తగిన తరుగుదల అని ఉంటుంది తప్ప ఇన్ని శాతం అని ఉండదు. యంత్రం స్థితి, వాడకం చూసి సర్వేయర్ వేసుకునే అంచనా అది. మనం రేటును కదిలిస్తే ఆయన ఇంకోవైపు కదిలించగలరు. ఏడాదికి తొమ్మిది శాతం పెడితే ఈ యంత్రానికే ఆరున్నరేళ్ళకు గీత దాటిపోతుంది. ఆయనే కాగితం మీద పెట్టిన రేటును పట్టుకోవడం మేలు.

పరిమిత ఆయుష్షు ఉన్న భాగాల దగ్గర ఇవ్వాల్సింది ఇచ్చేశాం. ఆయిల్ 16,000, ఫిల్టర్లు 9,000 క్లెయిమ్ నుంచి మేమే తీసేశాం. లూబ్రికెంటు పాలసీ మినహాయింపుల్లోనే ఉంది, ఫిల్టర్లు ఎలాగూ సర్వీసుకోసారి మారేవే. సెపరేటర్ ఎలిమెంటుకు తయారీదారు మాన్యువల్‌లో 4,000 గంటలకు మార్చాలని ఉంది. అంతకుముందు మార్చిన ఇన్‌వాయిస్, సర్వీస్ రిపోర్టు ప్రకారం అది 17,600 గంటల దగ్గర వేసింది. అంటే 1,800 గంటలు వాడారు, 45 శాతం. 15,000లో 6,750 తగ్గించి 8,250 అడిగాం. యంత్రం వయసు కాదు, ఆ భాగం వయసు చూడాలి. పరిమిత ఆయుష్షు భాగాలకు ఇన్‌వాయిస్ అవసరమయ్యేది ఇక్కడే. మోటారు బేరింగులు ఎప్పుడు మార్చారో కాగితం లేదు. వాటికి ఆయన 50 శాతాన్నే ఒప్పుకుని 4,000 వదిలేశాం.

ఎయిర్ ఎండ్ మీద మాత్రం పట్టు సడలించలేదు. "అందులోనూ బేరింగులు ఉన్నాయి కదా, అది కూడా ఆయుష్షు ఉన్న భాగమే" అని సర్వేయర్ అన్నారు. ఆ మాటకొస్తే యంత్రంలో ఆయుష్షు లేని భాగమంటూ ఉండదు, పాలసీలో మినహాయింపే మొత్తం నియమాన్ని మింగేస్తుంది. తయారీదారు మెయింటెనెన్స్ షెడ్యూల్‌లో ఇన్ని గంటలకు మార్చాలని ఉన్న భాగాలే పరిమిత ఆయుష్షువి అని రాసి, ఆ పేజీ జతచేశాను. అందులో ఫిల్టర్లు, ఎలిమెంటు, ఆయిల్, వాల్వ్ కిట్లు ఉన్నాయి, ఎయిర్ ఎండ్ లేదు. రీవైండింగ్‌కు కూడా ఇదే వాదన. కాకపోతే కొన్ని పాలసీలకు రీవైండింగ్ మీద ఏటా ఇంత అని తరుగుదల కోసే ఎండార్స్‌మెంట్, అంటే అదనపు షరతు జతచేసి ఉంటుంది. అది ఉంటే ఈ వాదన నిలబడదు. షెడ్యూల్ పేజీలో రాసిన ఎండార్స్‌మెంట్ నంబర్లన్నీ చూశాను, ఈ పాలసీకి లేదు.

ఉత్తరం రెండు పేజీలే. మొదటి పేజీలో క్లాజు పాఠం పాలసీలో ఉన్న ఇంగ్లీషు మాటల్లోనే, దాని కింద ఒక్కో బిల్లు లైనుకు సర్వేయర్ ఇచ్చినది, మేం అడిగేది, కారణం. రెండో పేజీలో వయసు, అసలు విలువ లెక్క. చివర ఒక ప్రశ్న: 50 శాతం అన్న అంకెకు ఆధారమేమిటో, పాలసీలోని ఏ వాక్యం కింద వేశారో చెప్పండి. 2015 నాటి సర్వేయర్ల నిబంధనల్లో తరుగుదల వర్తిస్తుందా, ఎంత శాతం, ఎంత మొత్తం అన్నది సిఫారసు చేయడం సర్వేయర్ విధుల్లో ఒకటిగా ఉంది. అందుకే ఆ ప్రశ్న అడగడం మర్యాదకు లోబడినదే. ఉత్తరం సర్వేయర్‌కు పంపి, ఇన్సూరెన్స్ ఆఫీసు క్లెయిమ్స్ విభాగానికి కాపీ పెట్టాం. సర్వే రిపోర్టే అంతిమం కాదని, దాన్ని దాటి వెళ్ళకూడనంత పవిత్రమైనది కాదని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును మాత్రం ఉత్తరంలో రాయలేదు. ఫైనల్ రిపోర్టు ఇంకా రాని దశలో కోర్టు మాట ఎత్తితే సర్వేయర్ తన అంకెను కాపాడుకోవడం మొదలుపెడతారు. ఆయన ఇంకా దిద్దుకోగల స్థితిలో ఉన్నప్పుడు అందుకు కావలసిన కాగితం చేతికివ్వడమే పని.

ఆయన మళ్ళీ వచ్చారు. ట్యాంకు ప్లేటును స్వయంగా తుడిచి ఫొటో తీసుకున్నారు, కంట్రోలర్ గంటలు రాసుకున్నారు, ఇన్‌వాయిస్ అసలు ప్రతి చూశారు. ఫైనల్ రిపోర్టులో ఎయిర్ ఎండ్, రీవైండింగ్ పూర్తిగా వచ్చాయి, బేరింగులు, ఎలిమెంటు మేం అడిగినట్టే. కూలి 28,000 ఇచ్చారు. రవాణాలో మాత్రం 6,000 తీసేశారు. సీజనని షావుకారుగారు రాత్రికి రాత్రి స్పెషల్ బండి కట్టించారు. మామూలు రవాణాకు మించిన అత్యవసర కిరాయి విడిగా కవర్ తీసుకుంటేనే వస్తుంది, అది ఈ పాలసీలో లేదు. ఆ కోత సరైనదే కాబట్టి ఎదురు చెప్పలేదు. మొత్తం 3,93,250. సాల్వేజ్ 20,000, ఎక్సెస్ 10,000 పోను 3,63,250కు సెటిల్ అయింది.

రెన్యూవల్‌కు ముందు మిల్లు ఆడిటరు చేత ఒక్కో యంత్రానికి సీరియల్ నంబరు, తయారైన ఏడాది, ఇన్‌వాయిస్ తేదీతో విడి జాబితా తయారు చేయించి పాలసీ షెడ్యూల్‌కు జత చేయమని అడిగాం. కంపెనీ ఒప్పుకుంది. దాంతో పాటే రీవైండింగ్ మీద తరుగుదల కోసే ఎండార్స్‌మెంట్ పెడతామని కూడా రాసింది. మిల్లులో పెద్ద మోటార్లు చాలా ఉన్నాయి, ఏటా ఏదో ఒకటి కాలుతూనే ఉంటుంది. ఎండార్స్‌మెంట్ లేకుండా ఎక్కువ ప్రీమియం కట్టాలా, పెట్టించుకుని తక్కువ కట్టాలా అని షావుకారుగారు గత సంవత్సరాల రీవైండింగ్ బిల్లులు ముందేసుకుని ఇప్పుడు లెక్క చూస్తున్నారు.